నేను దాచిన ‘నువ్వు’

తెలుగు పంతులమ్మగా నా ఉద్యోగమంతా తెలుగు వచ్చిన పిల్లలకి తెలుగు చెప్పడంలోనే గడిచిపోయింది. చేపపిల్లకి ఈత నేర్పి నెలనెలా జీతం తీసుకున్నట్టన్నమాట. ‘నాన్న వచ్చింది’ అనకూడదు, ‘వచ్చాడు’ అనాలి అని నేను ఏ పిల్లకీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అలాంటివన్నీ అమ్మ ఒళ్ళోనే వచ్చేసి, ఆ తర్వాత బడికి వస్తారు పిల్లలు. నేను సంధులూ సమాసాలూ చెప్పి, పరీక్ష పేపర్లు దిద్ది, నాకు తెలుగు క్షుణ్ణంగా తెలుసనుకుంటూ రిటైరయ్యాను. ఆ గర్వం దించడానికి కేరళ నుంచి ఒక పిల్ల రావాల్సి వచ్చింది.

మాది రాజోలు దగ్గర ఊరు. మా తమ్ముడూ మరదలూ పోయాక, వాళ్ళబ్బాయి ఇంట్లోనే నేనూ ఉంటున్నాను. నాకు పిల్లల్లేరు, ఆయనా లేరు. నా మేనల్లుడికి చిన్న యూనిట్ ఉంది. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసి తాళ్ళు పేనిస్తాడు. అతని భార్య, కొత్తపేట అమ్మాయి, పాపకి మూడేళ్ళున్నప్పుడు జ్వరంతో పోయింది. అప్పటి నుంచీ ఆ పాప నా పక్కలోనే పడుకుంది, నా చేతి ముద్దే తింది. కిందటేడు యూనిట్లో ఆడవాళ్ళకి కొత్త మిషన్ల మీద తాడు పేనడం నేర్పడానికి కేరళ నుంచి ఒకమ్మాయిని పిలిపించారు. మూడు నెలలు ఉండి వెళ్ళింది. వెళ్ళిందనుకున్నాం గానీ, మా వాడి ఫోను మాత్రం సాయంత్రమయ్యేసరికి తోటలోకి వెళ్ళిపోయేది. చివరికి ఒకరోజు కాఫీ తాగుతూ, “అత్తా, నేను ఆ అమ్మాయిని చేసుకుందావనుకుంటున్నానే” అన్నాడు. నాకు నచ్చింది. ముప్ఫయి దాటినా పెళ్ళి మాట ఎత్తకుండా, ఇంటి బరువు మోసుకొచ్చిన పిల్ల. పని తెలిసిన చేతులు. మాఘమాసంలో వాడపల్లి వెళ్ళి, వెంకన్న సన్నిధిలో పదిమందిమి అక్షింతలు వేసి వచ్చాం.

పాప అమ్మమ్మగారు కూడా ఆ పదిమందిలో ఉన్నారు. కూతురి స్థానంలో మరొకర్ని కూచోబెడుతుంటే అక్షింతలు వెయ్యడమంటే మాటలా? వేశారు. వేసి నన్ను పక్కకి పిలిచి, “వదినగారూ, నాకు ఆ అమ్మాయి మీద ఏమీ లేదండి. పిల్ల బెంగపెట్టుకోకుండా ఉంటే చాలు. బళ్ళు తెరిచే లోపల నేనొస్తాను. పిల్ల ఇక్కడ కుదురుకుంటే సరే. లేకపోతే నాతో కొత్తపేట తీసుకుపోతానండి, ఏవనుకోకండి” అన్నారు.

“ఆయ్, అలాగేనండి” అన్నాను. ఆవిడ కోరింది న్యాయమే. కానీ ఆ పిల్ల వెళ్ళిపోతే నా పక్క ఖాళీ అయిపోతుంది. దాపరికమెందుకు, అందరికంటే ముందు నేను నా గురించే భయపడ్డాను.

కొత్తకోడలికి అప్పటికి వచ్చిన తెలుగు యూనిట్ తెలుగు. ‘పీచు, తాడు, తిప్పు, ఆపు, చాలు’. మాటలు చాలా తెలుసు గానీ మాటకి తోక ఏది పెట్టాలో తెలీదు. పెళ్ళైన వారానికి కొత్తపేట నుంచి అమ్మమ్మగారు కొబ్బరుండలు పట్టుకుని వచ్చారు. ఈ పిల్ల గుమ్మంలోంచి ఆనందంగా లోపలికి కేకేసింది: “అత్తయ్యగారూ, అమ్మమ్మగారు వచ్చాడు!”

ఇంట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ వారం వంటసాయానికి వచ్చిన ఆవిడైతే గరిటె పడేసి నవ్వింది. అమ్మమ్మగారు నవ్వలేదు. పాపా నవ్వలేదు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఈ పిల్లకి పద్ధతిగా తెలుగు నేర్పి తీరాలని.

పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టి, వంటింట్లో గ్యాసు పొయ్యి ఎదురుగా గోడకి అంటించాను. కూర తిప్పుతూ చదువుకోవచ్చని. ‘తిను’ అనే క్రియ తీసుకున్నాను. తినడం అందరికీ తెలిసిన పని కదా.

“చూడమ్మా, తిను అన్నది మొదలు. జరిగిపోయిన సంగతి చెప్పాలంటే అది ‘తిన్నా’ అవుతుంది. దాని చివర ఎవరు తిన్నారో తగిలించాలి. నేనైతే ‘ను’, తిన్నాను. మేమైతే ‘ము’, తిన్నాము. మగవాడొక్కడైతే ‘డు’, తిన్నాడు. మీరైనా, వాళ్ళైనా ‘రు’, తిన్నారు. కోళ్ళూ మేకలూ అయితే ‘యి’, తిన్నాయి.”

ఆ పిల్ల గరిటె పట్టుకుని ఆశ్చర్యంగా చూసింది. “అత్తయ్యగారూ, మా భాషలో ఇది లేదు. ఞాన్ వన్ను, నీ వన్ను, అవళ్ వన్ను, పశు వన్ను. నేను వచ్చినా, ఆవు వచ్చినా, వన్ను ఒక్కటే.”

“మరి ఎవరొచ్చేరో ఎలా తెలుస్తుందే?”

“ముందే చెబుతాం కదా, నేను అని, ఆవు అని.”

“మాకు చెప్పక్కర్లేదు. ‘తిన్నాను’ అంటే చాలు, ‘నేను’ అందులోనే ఉంది” అన్నాను. నా సొత్తేదో చూపించినట్టు గర్వంగానే అన్నాను.

ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నా గర్వం కొంచెం తగ్గింది. “ఆడమనిషి ఒక్కర్తైతే, ‘ది’. ఆమె తిన్నది. మాటల్లో తింది అంటాం” అని రాశాను. ఆ పిల్ల కింద వరస చూసి, “మేక ఒక్కటే తింటే?” అంది.

“అదీ తిన్నదే.”

“ఆడమనిషికీ మేకకీ ఒకటేనా!”

ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పాను. ఒక్కరు కూడా ఈ ప్రశ్న వెయ్యలేదు. “నలుగురు ఆడవాళ్ళు కలిస్తే మాత్రం మేకల్తో కాదు, మనుషుల్తోనే. వాళ్ళు తిన్నారు అంటాం. అందుకే ఆడది ఒంటరిగా ఉండకూడదు, నలుగుర్ని పోగేసుకోవాలి” అని తప్పించుకున్నాను. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వుతుంటే ముక్కు మీద పీచు దుమ్ము కదిలింది. ఆ పూట నుంచీ నాకు ఆ పిల్లంటే ప్రాణం.

తర్వాత కాని పనులు చెప్పాను. తినను, తినము, తినడు, తినదు, తినరు, మేకలైతే తినవు. ఇక్కడా తోకలు తప్పవని మొహం వేలాడేసింది. “ఆగు, ఇదొకటి విను. నిన్న జరగని పని ఉందనుకో, దానికి తోక మారదు. నేను తినలేదు, వాడు తినలేదు, ఆవిడ తినలేదు, మేకలు తినలేదు. అందరికీ ‘తినలేదు’ ఒక్కటే” అన్నాను.

“మా వన్ను లాగా!” అని ఎగిరి గంతేసింది. పరాయి ఊళ్ళో బస్సు దిగినవాళ్ళకి సొంతూరి మనిషి కనిపిస్తే మొహం ఎలా వెలుగుతుందో, అలా వెలిగింది. ఆ తర్వాత రెండు వారాలు ఆ పిల్ల ధైర్యంగా మాట్లాడిన తెలుగంతా జరగని పనుల తెలుగే. కరెంటు రాలేదు. పాలబ్బాయి రాలేదు. ఆయన తినలేదు. నేను నిద్రపోలేదు. మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే, ఏం జరగలేదో విని ఊహించుకోవాల్సి వచ్చేది. మా వాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఆ పట్టికలో ఒక వరస నేను రాయలేదు. నేను, మేము, మీరు, వాడు, ఆమె, వాళ్ళు, అది, అవి, అన్నీ ఉన్నాయి. ‘నువ్వు’ లేదు. తిన్నావు, వచ్చావు, వింటావా, రావేం, ఆ వరసంతా కావాలనే వదిలేశాను.

ఎందుకంటే నాకు రాబోయేది కళ్ళముందు కనిపించింది. అన్నం తిననని పిల్ల మారాం చేస్తుంది. ఈవిడ ‘తింటావా తినవా’ అని గొంతు పెంచుతుంది. గోడకి చెవులుంటాయి. ‘సవతి తల్లి పిల్లని కసురుతోందిట’ అన్న మాట కొత్తపేట చేరడానికి ఒక పూట కూడా పట్టదు. అదే ‘తింటారా’ అందనుకో, ‘తింటారా’ అని ఎవరూ కసరలేరు. ప్రయత్నించి చూడండి, కసిరినా నవ్వొస్తుంది. ‘రు’ ఒక్కటి పెట్టుకుని తిరిగితే ఈ ఊళ్ళో ఎవరితోనూ మాట పడకుండా బతికెయ్యొచ్చు. మా వైపు మర్యాదకి లోటా? బిచ్చగాణ్ణి కూడా ‘ముందుకెళ్ళండి’ అంటాం.

ఆ పిల్ల తెలివితక్కువది కాదు. ఒకరోజు అడిగింది. “అత్తయ్యగారూ, ఆయన పాపని ‘వచ్చావా, తిన్నావా’ అంటారు. మీరూ అంటారు. అది గోడ మీద లేదు కదా?”

నేను చింతపండు పిసుకుతున్నాను. తల ఎత్తలేదు. “అది కన్నవాళ్ళూ, పుట్టిన దగ్గర్నుంచీ పెంచినవాళ్ళూ అంటారమ్మా. నువ్వు ‘మీరు’ అను. మా వైపు అదే మర్యాద” అన్నాను.

“సరే అత్తయ్యగారూ” అంది.

అబద్ధం చెప్పానని నాకు తెలుసు. మంచి కోసమే కదా అని సర్దుకున్నాను. అబద్ధాలన్నీ ఆ చీటీ పెట్టుకునే కదా బయల్దేరతాయి.

ఆ పిల్ల నేను చెప్పింది తు.చ. తప్పకుండా పాటించింది. పొద్దున్నే జడ వేస్తూ, “మీరు తల కదపకండి” అనేది. బడి నుంచి రాగానే, “వచ్చేరా? పాలు తాగుతారా?” అనేది. మా ‘వచ్చేరు’ యాస కూడా అప్పటికి పట్టేసింది. ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. ఏడేళ్ళ పిల్లని ‘అండీ’ అంటుంటే ముద్దొచ్చి, కావాలని ఆగి వినేవారు. మావాళ్ళ సంగతి తెలుసు కదా, ఎదుటివాళ్ళు తప్పు మాట్లాడితే దిద్దడం మొహమాటం. ఎవ్వరూ దిద్దలేదు, మా వాడూ సరదాగా ఉందని నవ్వి ఊరుకున్నాడు. ‘కోడలు ఎంత మర్యాదగా మాట్లాడతారండీ’ అని మెచ్చుకున్నారు కూడా. నేను పొంగిపోయాను. ఒక్క మాటా బయటికి పోలేదు. నా ఎత్తు పారింది.

పాప ఎదురుచెప్పేది కాదు. పాలు తాగేది. జడ వేయించుకునేది. “థాంక్సండి” అని వెళ్ళి వరండాలో కూచునేది. ఎంత బుద్ధిగా ఉందో అనుకున్నాను. మా పాపకి అంత బుద్ధి ఎప్పుడూ లేదని నాకు తట్టలేదు. నా దగ్గర పళ్ళాలు విసిరిన పిల్ల అది.

ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మగారు వచ్చారు. తాటిముంజెలు తెచ్చారు. మనవరాల్ని పెరట్లో కొబ్బరిచెట్ల నీడన కూచోబెట్టుకుని ముంజెలు వలిచి పెడుతున్నారు. నేను బావి గట్టు మీద గిన్నెలు తోముతున్నాను. వినకూడదనే అనుకున్నాను. విన్నాను.

“పిన్ని నిన్నేవైనా అంటారా?” అడిగారు అమ్మమ్మగారు.

“ఏవీ అనరు.”

“కోప్పడతారా?”

“ఎప్పుడూ కోప్పడరు. బాగా మాట్లాడతారు. నన్ను మీరంటారు.” పాప ముంజె నీళ్ళు మోచేతి దాకా కారుతుంటే నాకుతూ చెప్పింది. “నేను చుట్టాలమ్మాయిని అనుకుంటున్నారు అమ్మమ్మా. చుట్టాలు సెలవులయ్యేక వెళ్ళిపోవాలి కదా. నేను నీతో వచ్చేస్తాను.”

ఏడుపు గొంతు కాదు. చెప్పుల జత ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

వెళ్ళేటప్పుడు అమ్మమ్మగారు నా దగ్గరికి వచ్చారు. “వదినగారూ, బళ్ళు తెరిచే ముందు శుక్రవారం నాడు వస్తానండి. బట్టలు సర్ది ఉంచండి” అన్నారు. నేను తల ఊపాను.

ఆ సాయంత్రం కోడలు యూనిట్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, అక్కడే చెప్పేశాను. ఆలస్యం చేస్తే ధైర్యం చాలదని భయం. పాప ఏమందో చెప్పాను. పట్టికలో వరస కావాలనే వదిలేశానని చెప్పాను. కన్నవాళ్ళే అంటారన్నది అబద్ధమని చెప్పాను. ఇక్కడ పిన్నులూ అత్తలూ పక్కింటివాళ్ళూ, ప్రేమున్న ప్రతివాళ్ళూ పిల్లల్ని నువ్వనే అంటారని చెప్పాను.

కోడలు చెంబు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ అంది:

“నేను కనలేదు. అందుకే నాకు లేదు అనుకున్నాను, అత్తయ్యగారూ. రోజూ జడ వేసేటప్పుడు నోటిదాకా వస్తుంది. మింగుతాను. మా ఇంట్లో మా అమ్మ నన్ను ‘నీ’ అనే అంటుంది, అంటే నువ్వు అని. మోళే అంటుంది, అంటే కూతురా అని. నేను మనసులో పాపని మోళే అనే పిలుస్తాను. పైకి మీరంటాను. మీరు చెప్పేరు కదా అని.”

నా వయసులో సగం ఉన్న పిల్ల. చేతులు పట్టుకుని, తప్పు చేశానమ్మా అన్నాను. ఏడ్చాను. ముసలిదాన్ని ఏడుస్తుంటే చూడలేక కాబోలు, నా భుజం తట్టింది గానీ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. నాకు అది తగినదే.

మర్నాడు పొద్దున్నే తనే స్కెచ్ పెన్ను తెచ్చి నా చేతికిచ్చింది. “రాయండి” అంది. పట్టికలో చోటు లేదు. అంచున, నూనె మరకల పక్కన, కిందికంటా రాశాను. తిన్నావు. తింటావు. తింటున్నావు. తినవు. వచ్చావు. వస్తావు. రావు. వెళ్ళావు. వెళ్తావు. వెళ్ళవు. “అన్నిటికీ ‘వు’ ఒక్కటే, తేలిక. పిలవాలంటే అదీ అక్కర్లేదు. ఉత్త ‘రా’, ‘తిను’, ‘కూచో’. మీరుకి ‘రండి, తినండి’ అని తోక తగిలించాలి, నువ్వుకి ఆ తోక తీసేస్తే చాలు” అన్నాను.

తేలికన్నాను గానీ నాలుగు నెలల అలవాటు నాలిక మీంచి ఒక్క పూటలో దిగుతుందా? పాప కనపడగానే ‘వచ్చేరా’ అని జారిపోయేది. నాలిక కొరుక్కునేది. తప్పుగా అంటే మళ్ళీ నవ్వుతారని భయం. అమ్మమ్మగారిని ‘వచ్చాడు’ అన్ననాటి నవ్వు ఇంకా ఆ పిల్ల చెవుల్లో ఉంది. “బాగా వచ్చేక అంటాను” అనేది. శుక్రవారం ముంచుకొస్తోందే తల్లీ అని నేను తొందరపెడితే, “తాడు తొందరగా పేనితే తెగుతుంది” అనేది.

అందుకని పెరట్లో దూడ దగ్గర మొదలుపెట్టింది. దూడ నవ్వదు కదా. సాయంత్రం యూనిట్ నుంచి రాగానే పచ్చగడ్డి తట్ట పట్టుకుని వెళ్ళి, దాని మెడ నిమురుతూ పాఠం అప్పజెప్పేది. “తిన్నావా? పాలు తాగేవా? ఎక్కడికెళ్ళేవు? నా మాట వింటావా? వినవు. నువ్వు ఎప్పుడూ వినవు. రా. ఇలా రా. నా దగ్గరికి రావేం?”

మూడోనాడు నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఎంత చక్కగా వచ్చిందో! ఒక్క తోకా తప్పలేదు. గొంతులో ఆ గారం ఎవరు నేర్పితే వస్తుంది? అప్పుడే కంచె వెనక నుంచి పాప బయటికి వచ్చింది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలీదు. మొహం కందిపోయి ఉంది.

“దూడనైతే నువ్వంటారా?” అని అరిచింది. “దాన్నైతే దగ్గరికి రమ్మంటారా? నేను మీకు దూడ పాటి కూడా కానా?”

ఏడుపు అలా తన్నుకొచ్చింది ఆ పిల్లకి. నాలుగు నెలల బుద్ధిమంతురాలు ఒక్కసారిగా మాయమై, గడ్డి తట్టని కాలితో తన్నింది. గడ్డి అంతా ఒలికిపోయింది. నేను పరుగెత్తబోయి ఆగాను. ఈసారి నేను మధ్యలో దూరకూడదని నాకు ఎవరో చెవి మెలిపెట్టి చెప్పినట్టయింది.

కోడలు గడ్డిలో మోకాళ్ళ మీద కూచుంది. “మీరు...” అంది. తల అడ్డంగా ఊపి ఆగింది. “నువ్వు...” అని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. గోడ మీద రాసినవీ, దూడకి అప్పజెప్పినవీ అన్నీ ఎటో ఎగిరిపోయాయి. చివరికి రెండు చేతులూ చాచి, “రా” అంది. “మోళే, రా.”

పాప రాలేదు. వెంటనే రాలేదు. ముక్కు చీది, గౌనుకి తుడుచుకుని, ఒలికిన గడ్డి ఎత్తి తట్టలో వెయ్యడం మొదలుపెట్టింది. ఇటు చివర కోడలు ఎత్తుతోంది, అటు చివర పాప. ఇద్దరూ తట్ట దగ్గరికి వచ్చేసరికి ఒకరి తల ఒకరికి తగిలింది. పాప ఆ తల అక్కడే ఆన్చి ఉంచేసింది.

నేను కిటికీ దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

ఆ తర్వాత నాలుగైదు రోజులు మా ఇంట్లో శాంతి అన్నది లేదు. పాప అన్నానికి పిలిస్తే రానంటుంది. ‘రావా’ అంటుంది ఈవిడ. ‘రాను’ అంటుంది పాప. పాలు వద్దంటుంది. స్నానం వద్దంటుంది. నా దగ్గర చేసిన మారామంతా వడ్డీతో సహా ఆవిడ దగ్గర తీర్చుకుంటోంది. ‘మోళే’ అంటే ఏవిటో అడిగి తెలుసుకుంది. ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతానని పట్టుబట్టింది. నాకు సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. శుక్రవారం రేపే. బట్టలు సర్దలేదు. మా వాడితో సహా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే జరుగుతుందేమోనని అందరికీ భయం.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి అమ్మమ్మగారు దిగారు. చేతిలో ఖాళీ బ్యాగు ఉంది. వరండాలో కుర్చీ వేశాను. మంచినీళ్ళిచ్చాను. “ప్రయాణం బాగా జరిగిందాండి?” అన్నాను. “ఆయ్” అన్నారు. “పిల్లేదండి?” అన్నారు.

పిల్ల ఎక్కడుందో నాకు తెలుసు. ఇంటి పక్కనే యూనిట్ షెడ్డు, అక్కడ పీచు పోగు ఉంది. తలంటుపోసి, సాంబ్రాణి వేసి, జడ వెయ్యబోయేలోగా తప్పించుకుని, తడి జుట్టుతో ఆ పోగు ఎక్కింది. నేను నోరు తెరిచేలోపలే షెడ్డు దగ్గర్నుంచి కేక వినపడింది. వీధి వీధంతా వినపడేలా.

“ఎక్కడికెళ్ళేవు? తలంతా పీచు! ఇప్పుడే కదా పోసేను! ఎన్నిసార్లు చెప్పేను నీకు! దిగుతావా, నన్ను ఎక్కమంటావా?”

“దిగను!”

“దిగవా? చూస్తాను. అన్నం ఎలా తింటావో చూస్తాను!”

“తినను!”

“తినవా? నువ్వు తినకపోతే నేనూ తినను! దిగు ముందు! కాలు జారితే ఏం చేస్తావు? నేనేం చేస్తాను?”

చివరి మాట దగ్గర ఆ గొంతు జీరపోయింది. ఏ మాట వినపడకూడదని నాలుగు నెలలు ఆ పట్టిక ముందు నిలబడి అబద్ధమాడానో, ఆ మాటంతా, ఆ రోజే, ఆవిడ ముందే. “వదినగారూ, అది కోపం కాదండి, పిల్ల పడిపోతుందని...” అని ఏదో సర్దబోయాను.

అమ్మమ్మగారు చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. కుర్చీలో కొంచెం పక్కకి తిరిగి, షెడ్డు వైపు చెవి పెట్టి కూచున్నారు. అటు కేకలు తగ్గాయి. నవ్వు వినపడింది. ఎవరిదో చెప్పలేను, ఇద్దరిదీ కావచ్చు. అప్పుడు ఆవిడ కొంగు కళ్ళకి అద్దుకున్నారు.

“మా పిల్లా ఇలాగే కేకలేసేదండి” అన్నారు. “దీన్ని ఎత్తుకుని వీధిలో తిరుగుతూ, నెలల పిల్లని, ‘నిద్దరోతావా పోవా’ అని కేకలేసేది. నేను తిట్టేదాన్ని. ఆ కేక మళ్ళీ వింటాననుకోలేదండి.”

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరమూ అలా కూచున్నాం.

కాసేపటికి వాళ్ళిద్దరూ వచ్చారు. ఆ పిల్ల జుట్టులోనూ పీచే, ఈ పిల్ల జుట్టులోనూ పీచే. కోడలు అమ్మమ్మగార్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఖాళీ బ్యాగు వంక చూసింది. పాప పిన్ని చీర కుచ్చెళ్ళు పట్టుకుని, వెనక్కి నక్కి నిలబడింది. “అమ్మమ్మా, నేను రాను” అంది, అడక్కుండానే.

అమ్మమ్మగారు బ్యాగు మడిచి కుర్చీ కిందకి తోశారు. కోడలి వైపు తిరిగారు. “పొద్దున్నే బయల్దేరేను. గొంతెండిపోతోంది. కాస్త కాఫీ ఇస్తావా అమ్మా?” అన్నారు.

నేను హడావిడిగా లేచాను. “ఉండండి వదినగారూ, ఒక్క నిమిషంలో తెస్తాను” అన్నాను.

“మీరు కూచోండి” అన్నారు ఆవిడ. “మిమ్మల్ని కాదండి, మా పిల్లని అడిగేను.”